దోమ కాటుకూ మలేరియాకూ మధ్య పన్నెండు రోజులు

మలేరియా రోగి రక్తం తాగిన ఆడ అనాఫిలిస్ దోమ మర్నాడు మరొకరిని కుట్టినా వారికి మలేరియా అంటదు. అప్పటికి పరాన్నజీవి ఇంకా దోమ కడుపులోనే ఉంటుంది. అక్కడినుంచి అది ఛాతీ భాగంలోని లాలాజల గ్రంథులకు చేరితేనే మరో మనిషిని చేరే దారి దొరుకుతుంది. ఈ ప్రయాణానికి పట్టే కాలం చాలా దోమల ఆయుష్షు కంటే ఎక్కువ. మలేరియా నియంత్రణ గురించి మాట్లాడేటప్పుడు దోమల సంఖ్యను పట్టించుకున్నంతగా వాటి వయసును పట్టించుకోకపోవడం పెద్ద లోపమని నేను భావిస్తున్నాను.

రక్తంతో పాటు దోమ కడుపులోకి వెళ్లిన పరాన్నజీవి లైంగిక దశ కణాలు అక్కడ కలిసి, దాదాపు ఒక రోజులో కదిలే రూపం దాల్చి, కడుపు గోడను దాటి దాని వెలుపలి అంచున ఊసిస్ట్ అనే బుడిపెగా స్థిరపడతాయి. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో సూక్ష్మదర్శిని కింద చూసినవి ఈ బుడిపెలనే. వాటి తర్వాతి మజిలీ లాలాజల గ్రంథులేనని ఆయన మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియాపై పనిచేస్తూ నిరూపించారు. ఊసిస్ట్ రోజుల తరబడి పెరిగి పగిలినప్పుడు స్పోరోజోయిట్లు అనే పరాన్నజీవి రూపాలు వేల సంఖ్యలో దోమ దేహద్రవంలోకి విడుదలవుతాయి. వాటిలో చాలా భాగం దారిలోనే నశించగా, మిగిలినవి గ్రంథి కణాలను చీల్చుకుని లోపలికి వెళ్లి లాలాజలం నిలిచే చోట పోగవుతాయి. అక్కడ వాటి సంఖ్య పెరగదు గానీ, ఊసిస్ట్ నుంచి అప్పుడే బయటపడిన వాటికి అంతగా లేని సంక్రమణ శక్తి గ్రంథికి చేరిన వాటికి ఉంటుంది. దోమ రక్తనాళం కోసం చర్మంలో వెతుకుతూ లాలాజలం వదిలినప్పుడు వాటిలో కొద్దిపాటివే బయటికి వస్తాయి. రక్తం దొరకకముందే దోమను తోలేసినా అవి అప్పటికే చర్మంలో చేరి ఉండవచ్చు.

ఈ మొత్తం క్రమాన్ని స్పోరోగొని అంటారు. దాని వేగాన్ని ప్రధానంగా ఉష్ణోగ్రత నిర్ణయిస్తుంది. మలేరియా పరాన్నజీవుల్లో ఫాల్సిపారమ్ రకానికి చాలాకాలంగా వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం, సగటు ఉష్ణోగ్రత నుంచి 16 తీసివేసి, వచ్చిన అంకెతో 111ను భాగిస్తే పట్టే రోజులు తెలుస్తాయి. అంటే 25 డిగ్రీల వద్ద సుమారు 12 రోజులు, 20 డిగ్రీల వద్ద దాదాపు 28 రోజులు.

ఇప్పుడు 25 డిగ్రీల వద్ద పరాన్నజీవి సోకిన వంద దోమలను తీసుకుందాం. రోజుకు నూటికి తొంభై చొప్పున బతికితే, గ్రంథుల్లో స్పోరోజోయిట్లు చేరే నాటికి 27 దోమలు మిగులుతాయి. అవి ఆ తర్వాత సగటున తొమ్మిదిన్నర రోజులు కుడుతూనే ఉంటాయి. రోజువారీ మనుగడ తొంభై నుంచి ఎనభైకి తగ్గితే మిగిలేవి ఆరు మాత్రమే. వాటికీ ఇక మిగిలింది నాలుగున్నర రోజులే. రెండూ కలిపి లెక్కిస్తే వ్యాధిని అంటించగల దోమల రోజులు తొమ్మిదో వంతుకు పడిపోతాయి. అదే నీటిలోని లార్వాలను చంపి దోమల సంఖ్యను సగం చేస్తే వ్యాప్తి కూడా దాదాపు సగమే తగ్గుతుంది.

గుడ్లు పెట్టడానికి రక్తం కావాలి కనుక దోమ రెండు మూడు రోజులకొకసారి మనిషిని వెతుక్కుంటూ రావాల్సిందే. పన్నెండు రోజులు గడిచేలోగా అది నాలుగైదు సార్లు మందు పూసిన దోమతెరనో, మందు చల్లిన గోడనో తాకే అవకాశం ఉంది. ఒక్కోసారి చచ్చే అవకాశం తక్కువే అయినా అన్నీ కలిస్తే తేడా భారీగా ఉంటుంది. ఆరుబయట కుట్టి ఆరుబయటే విశ్రమించే జాతులకు మాత్రం ఈ లెక్క వర్తించదు.

సర్వేల్లో తరచూ జరిగే పొరపాటు కూడా ఇక్కడే ఉంది. దోమను మొత్తంగా నూరి పరీక్షించి పరాన్నజీవి ఆనవాలు దొరికిందని చెబితే, అది నిన్న తాగిన రక్తంలోనిదో, కడుపు గోడ మీది ఊసిస్ట్‌దో కావచ్చు. అలాంటి ఫలితంతో ఒక జాతిని వాహకంగా ప్రకటించకూడదు. పొట్ట భాగాన్ని వేరుచేసి తల, ఛాతీ మాత్రమే పరీక్షించాలి. స్పోరోజోయిట్ ప్రొటీన్‌ను పట్టే ఎలైజా పరీక్షలో, ముఖ్యంగా పశువులను కుట్టే దోమల్లో, తప్పుడు పాజిటివ్‌లు వస్తుంటాయి. అందుకే నమూనాను వేడిచేసి మళ్లీ పరీక్షించాలి. గ్రంథులను కోసి బయటికి తీసి సూక్ష్మదర్శిని కింద స్పోరోజోయిట్లను కళ్లారా చూడటం శ్రమతో కూడినదే అయినా, అంతకంటే నమ్మకమైన ఆధారం మరొకటి లేదు.

పైన చెప్పిన సూత్రానికీ పరిమితులున్నాయి. అది రోజంతా ఉష్ణోగ్రత ఒకేలా ఉందనుకుంటుంది, కానీ పగలు, రాత్రి తేడాలు గడువును మారుస్తాయి. పరాన్నజీవి సోకిన తర్వాత దోమ మరోసారి రక్తం తాగితే ఊసిస్ట్‌లు త్వరగా పెరుగుతాయని ప్రయోగాల్లో తేలింది. బయట తిరిగే దోమలు మళ్లీ మళ్లీ రక్తం తాగుతాయి కనుక, ఒక్కసారే రక్తం పట్టించిన ప్రయోగశాల దోమల నుంచి వచ్చిన గడువు అసలు కంటే ఎక్కువగా ఉండవచ్చు. గడువు రెండు రోజులు తగ్గినా, పై ఉదాహరణలోని 27 దోమలు 34 అవుతాయి.