అంకె నిజమే, కడ్డీ మాత్రం అబద్ధం

నిన్న ఆఫీసులో ఒక ఇన్ఫోగ్రాఫిక్ తిరిగింది. అందులో ఒక బార్ చార్ట్ ఉంది. పోయినేడాది "సేవతో సంతృప్తిగా ఉన్నవారు 82%", ఈ ఏడాది 88%. రెండే కడ్డీలు. మొదటిది పొట్టిగా, బూడిద రంగులో ఉంది. రెండోది నిటారుగా, ముదురు ఆకుపచ్చలో, పైన ఒక బాణం గుర్తుతో ఉంది. మీటింగ్‌లో ఒక పెద్దాయన దాన్ని చూసి "అబ్బో, నాలుగింతలైందే!" అన్నారు. ఆయన తప్పేం లేదు. ఆయన కళ్లకు కనిపించింది అదే.

స్కేలు తీసుకుని కొలిచాను. చిన్న కడ్డీ ఒక సెంటీమీటరు, పెద్దది నాలుగు. పక్కన అక్షం, అంటే కొలత చెప్పే నిలువు గీత లేదు, దాని మీద ఉండాల్సిన అంకెలూ లేవు. "శుభ్రంగా కనిపించాలని" తీసేశారట. మరి కడ్డీలు ఎక్కడి నుంచి మొదలయ్యాయో ఎలా తెలుస్తుంది? రెండు కడ్డీల మీదా అంకెలుంటే చాలు, లెక్క చాలా తేలిక. ఎత్తుల మధ్య తేడా 3 సెంటీమీటర్లు, అంకెల మధ్య తేడా 6. అంటే సెంటీమీటరుకు 2 పాయింట్లు. చిన్న కడ్డీ ఒక్క సెంటీమీటరే కాబట్టి 82లోంచి 2 తీసేస్తే 80. ఆ కడ్డీలు సున్నా నుంచి కాదు, 80 నుంచి మొదలయ్యాయి. గీసినవాళ్లు దాచినా కడ్డీలే ఆ సంగతి బయటపెట్టేశాయి. ఇన్ఫోగ్రాఫిక్‌లో అక్షం కనబడకపోతే నేను మొదట చేసే పని ఇదే.

ఇదే కడ్డీలను సున్నా నుంచి గీస్తే, చిన్నది 4.1 సెంటీమీటర్లుంటే పెద్దది 4.4 ఉంటుంది. మూడు మిల్లీమీటర్ల తేడా.

ఇలాంటి వంకరను కొలవడానికి, గ్రాఫులు ఎలా గీయాలో పుస్తకాలు రాసిన ఎడ్వర్డ్ టఫ్టీ 1983లో ఒక కొలత ఇచ్చాడు, దాని పేరు లై ఫ్యాక్టర్. బొమ్మలో కనిపించే మార్పును డేటాలో ఉన్న మార్పుతో భాగించాలి, అంతే. ఇక్కడ 82 నుంచి 88కి పెరుగుదల 7.3 శాతం. కడ్డీ మాత్రం ఒకటి నుంచి నాలుగుకు, అంటే 300 శాతం పెరిగింది. భాగిస్తే దాదాపు 41 వస్తుంది. బొమ్మ నిజాయితీగా ఉంటే ఒకటి రావాలి. 0.95 నుంచి 1.05 లోపు ఉంటే పర్వాలేదు, అది దాటితే వంకర ఉన్నట్టే అని ఆయన లెక్క.

దీన్ని గీసిన సహోద్యోగిని అడిగితే "అంకె పైనే రాశాం కదా, చూసేవాళ్లు చదువుకోవచ్చు కదండీ" అన్నాడు. నాకు కోపం వచ్చేది ఈ మాటకే. అంకె చదివించడానికే అయితే కడ్డీ ఎందుకు గీశావు? అంకెను చదవాలి, కడ్డీని చదవనక్కర్లేదు. పొడవు చూడగానే మనసులో పోలిక అయిపోతుంది. ఆ తర్వాత 82, 88 అని చదివినా కళ్లు ముందే ఇచ్చేసిన తీర్పు ఒక పట్టాన మారదు. పెద్దాయన కూడా అంకెలు చదివారు, అయినా నాలుగింతలనే అన్నారు.

అలాగని ప్రతి గ్రాఫూ సున్నా నుంచే మొదలవ్వాలని పట్టుబట్టడమూ తప్పే. ఈ నియమాన్ని సగం విని, సగం వదిలేసి వాదించేవాళ్లు చాలామంది ఉన్నారు. కడ్డీలో విలువను చెప్పేది దాని పొడవు. కింద నుంచి ఒక ముక్క కోసేస్తే పొడవు పోయింది, దాంతో అర్థమూ పోయింది. అందుకే కడ్డీకి సున్నా తప్పనిసరి. గీత గ్రాఫ్‌లో విలువను చెప్పేది బిందువు ఉన్న చోటు, మార్పును చెప్పేది వాలు. జ్వరం వచ్చిన మనిషి ఒంటి వేడి 37 డిగ్రీల నుంచి 39కి వెళ్లిందనుకోండి. దాన్ని సున్నా నుంచి గీస్తే దాదాపు తిన్నగా కనిపిస్తుంది, ప్రమాదం మరుగున పడిపోతుంది. అక్కడ 35 నుంచి 41 వరకు చూపించడమే నిజాయితీ, కాకపోతే ఆ అంకెలు అక్షం మీద స్పష్టంగా ఉండాలి. గీత గ్రాఫ్‌లోనూ మోసం చేయొచ్చు. అడ్డంగా నొక్కేస్తే చిన్న పెరుగుదల కూడా కొండెక్కినట్టు ఉంటుంది. అందుకే అక్కడ నేను వాలును నమ్మను, రెండు చివర్ల అంకెలు చదువుతాను.

అదే ఇన్ఫోగ్రాఫిక్‌లో కింద ఇంకో బొమ్మ ఉంది. సభ్యులు రెట్టింపయ్యారని చెప్పడానికి ఒక మనిషి బొమ్మ, పక్కన రెండింతల ఎత్తున్న ఇంకో మనిషి బొమ్మ. ఇక్కడ అంకె, ఎత్తు రెండూ సరిపోయాయి. కానీ ఎత్తు పెంచినప్పుడు వెడల్పూ రెట్టింపైంది, కాబట్టి కాగితం మీద ఆక్రమించిన చోటు నాలుగింతలైంది. దానికి నీడలు వేసి త్రీడీలా చేస్తే చూసేవాడి మనసులో ఎనిమిదింతల ఘనం కూడా మెదులుతుంది. నిజంగా రెండింతల వైశాల్యమే కావాలంటే ఎత్తునూ వెడల్పునూ 1.41 రెట్లు పెంచాలి. అది కూడా నాకు నచ్చదు, ఎందుకంటే వైశాల్యాలను పోల్చడంలో మన కన్ను బలహీనం. క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు గణాంక నిపుణులు 1984లో ప్రయోగాలు చేసి చూపింది కూడా ఇదే. ఒకే కొలబద్ద మీద ఉన్న స్థానాలను మనం బాగా పోలుస్తాం, పొడవులను దానికంటే కాస్త తక్కువగా, వైశాల్యాలను ఇంకా తక్కువగా. అన్నీ ఒకే సైజులో ఉన్న చిన్న బొమ్మలు మొదటి వరుసలో 5, రెండో వరుసలో 10 పెట్టి, "ఒక్కో బొమ్మ = 100 మంది" అని రాసుంటే ఏ గొడవా ఉండేది కాదు.

రంగుల గోల గురించి ఎక్కువ చెప్పను. అదే ఇన్ఫోగ్రాఫిక్‌లో తొమ్మిది ముక్కల డోనట్, అంటే మధ్యలో రంధ్రమున్న గుండ్రటి చార్ట్. తొమ్మిది రంగులు, ఏ రంగు దేనికో చెప్పే లెజెండ్ ఎక్కడో కింద. ముక్కను చూడటం, రంగు గుర్తుపెట్టుకోవడం, కిందికెళ్లి వెతకడం, రెండు నీలాల్లో ఏదో తెలియక మళ్లీ పైకి రావడం. పేరు ఆ ముక్క పక్కనే రాస్తే ఈ తిప్పలన్నీ పోతాయి. ఆ డోనట్‌లోని శాతాలన్నీ కూడి చూశాను, 134 వచ్చింది. ఒక్కొక్కరు ఒకటి కంటే ఎక్కువ జవాబులు ఎంచుకునే ప్రశ్న అది. అలాంటి దాన్ని గుండ్రంగా గీయకూడదు, ఎందుకంటే గుండ్రం అంటేనే మొత్తం వంద అని అర్థం. ఆ డేటాకు మామూలు కడ్డీలే సరి.

కానీ నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది లేని లేబుల్. 82%, 88% ఎంతమందిలో? ఎక్కడా రాయలేదు. ఏడాదికి 100 మంది చొప్పున యాదృచ్ఛికంగా ఎంచుకుని అడిగారనుకుంటే, ఆ తేడాకు అటూ ఇటూ దాదాపు 10 పాయింట్ల పొరపాటు అవకాశం ఉంటుంది. అంటే 6 పాయింట్ల పెరుగుదల ఉత్త యాదృచ్ఛికం కూడా కావొచ్చు. అదే 1000 మంది చొప్పున అడిగితే పొరపాటు సుమారు 3 పాయింట్లే, అప్పుడు పెరుగుదల నమ్మదగ్గదే. ఒక్క చిన్న వాక్యం లేనందుకు ఈ రెంటిలో ఏదో చెప్పే దారే లేకుండా పోయింది. పైగా శీర్షికలో "6 శాతం పెరుగుదల" అని ఉంది. పెరిగింది 6 శాతం పాయింట్లు. 82తో పోల్చి శాతంలో చెప్పాలంటే 7.3.

చివరికి నేనే మళ్లీ గీసి పంపాను. కడ్డీలు తీసేసి, 70 నుంచి 100 వరకు గుర్తులున్న ఒక అడ్డ గీత మీద రెండు చుక్కలు పెట్టాను. చుక్కకు పొడవుండదు, స్థానమే ఉంటుంది కాబట్టి అది 70 నుంచి మొదలైనా అబద్ధం అవ్వదు. చుక్కల పక్కనే ఏడాది, అంకె రాశాను. కింద "జవాబిచ్చినవారి సంఖ్య:" అని రాసి, ఖాళీ వదిలేశాను. ఆ ఖాళీ నింపడానికి సర్వే చేసినవాళ్ల దగ్గరికి మనిషి వెళ్లాడు, ఇంకా తిరిగి రాలేదు.