నూనె ప్యాకెట్లు 120 తగ్గాయి, 12 మంది జీతాలు కోశారు

పోయిన నెల రాజమండ్రిలో ఒక సూపర్ మార్కెట్ మేనేజర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లానండి. కూర్చోగానే అడిగిన మొదటి ప్రశ్న: "స్టాక్ తగ్గితే స్టాఫ్‌లో దొంగని ఎలా పట్టుకుంటారు?" నాకు ఒళ్లు మండింది. లెక్క చూడకముందే దొంగతనమని తేల్చేసి, దొంగ ఎవరో చెప్పమంటే ఏం చెప్తాం? అందుకే నరసాపురంలో నేను పనిచేసిన షాపు సంగతి మొత్తం చెప్పాను. ఇక్కడా చెప్తాను, ఇలాంటి ఇంటర్వ్యూలకి వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి.

సంక్రాంతి అయ్యాక స్టాక్ లెక్కపెడితే లీటరు నూనె ప్యాకెట్లు 120 తక్కువ వచ్చాయి. ప్యాకెట్ 140 రూపాయల చొప్పున 16,800. యాజమాన్యం ఆ మొత్తాన్ని 12 మందికి పంచి, తలా 1,400 జనవరి జీతంలో కోసేసింది. ఎవరినీ ఒక్క మాట అడగలేదు. ఎవరి చేతికి అప్పగించిన సరుకు వాళ్ల నిర్లక్ష్యం వల్ల పోతేనే, అదీ వాళ్ల సంజాయిషీ విన్నాకే కోత వేయాలని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం నుంచీ ఉన్న రూలే. ఆ మాట అంటే నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు.

నాకు మొదట అనుమానం వచ్చింది ఆ అంకె మీదే. చేతివాటం అయితే నాలుగో, ఏడో, పదకొండో పోతాయి గానీ అచ్చంగా 120 పోతాయా? పైగా 120 లీటర్ల నూనె సంచిలో దాచుకుపోయే సరుకు కాదు. నెయ్యి, జీడిపప్పు, బ్లేడ్లు తగ్గితే నేనూ ముందు క్యాన్సిల్ చేసిన బిల్లులే తీస్తాను. కస్టమర్ లేకుండా రిటర్న్ కొట్టారేమో చూస్తాను. ఇది ఆ రకం కాదు. ఇంకొకటి, కంప్యూటర్‌లో ఆ ప్యాకెట్ మీద లాభం ఉన్నట్టుండి పెరిగినట్టు కనపడుతోంది. అంటే కొన్న ధర ఎక్కడో తప్పు పడింది.

డిస్ట్రిబ్యూటర్ బిల్లు తీసి చూస్తే దొరికింది. వచ్చినవి 60 పెట్టెలు. ఎప్పుడూ పెట్టెకి 12 ప్యాకెట్లు వచ్చేవి, ఆ లోడులో 10 చొప్పున వచ్చాయి. మావాడు అలవాటు కొద్దీ 12 అని ఎక్కించాడు. షాపులోకి 600 ప్యాకెట్లు దిగితే కంప్యూటర్‌లో 720 పడ్డాయి. డబ్బు పెట్టెల లెక్కన సరిపోయింది కాబట్టి అకౌంట్స్ వాళ్లకీ తేడా కనపడలేదు. అసలు పోని సరుక్కి 12 మంది డబ్బు కట్టారు!

మరి ఎందుకు తప్పు ఎక్కించాడు? ఆ లోడు భోగికి నాలుగు రోజుల ముందు, సాయంత్రం ఏడింటికి వచ్చింది. అరిసెలకి బెల్లం, బియ్యప్పిండి, నూనె కోసం జనం కిటకిటలాడుతున్నారు. గోడౌన్‌లో సరుకు దించుకునే కుర్రాణ్ని బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చోబెట్టింది నేనే. వాడు మధ్యలో లేచి వెళ్లి, పెట్టెలు మాత్రం లెక్కపెట్టి సంతకం పెట్టి వచ్చేశాడు. ఒక్క పెట్టె విప్పి చూసే తీరిక వాడికి నేను ఇవ్వలేదు. ఆ తప్పు నాది.

అందుకే ఇంటర్వ్యూలో డ్యూటీ చార్టు గురించి, పండగ టార్గెట్ గురించి అడిగినప్పుడు కూడా ఇదే చెప్పాను. పండగకి పది రోజుల ముందు నుంచి లోడు పొద్దున్నే, షాపు తెరవకముందే దిగాలి. సాయంత్రం వస్తే పక్కన పెట్టించి మర్నాడు లెక్కపెట్టుకోవాలి. దించుకునే మనిషిని ఎంత రద్దీ ఉన్నా కౌంటర్‌కి లాగకూడదు. కౌంటర్‌కి మనుషులు చాలాలంటే పోయిన ఏడాది బిల్లులు గంటల వారీగా తీసి, ఏ గంటకి జనం వస్తారో చూసి ఆ గంటలకే మనుషుల్ని వేసుకోవాలి. అందరినీ పొద్దున్నించి రాత్రి దాకా నిలబెడితే సాయంత్రానికి కాళ్లు లాగి, ఒక రకం సబ్బు నాలుగుసార్లు స్కాన్ చేసి నాలుగు రకాలూ సంచిలో వేసేస్తారు. అప్పుడు స్టాక్ లెక్కపెడితే ఒక రకం ఎక్కువా మిగతావి తక్కువా వస్తాయి, దాన్నీ దొంగతనమే అంటారు. ఇక గోదావరి అవతల సఖినేటిపల్లి వైపు నుంచి పంటు మీద దాటి వచ్చే ఆడపిల్లలకి రాత్రి మూసే డ్యూటీ వేయకూడదు. వేస్తే రేవుకి టైమవుతోందన్న కంగారులోనే చివరి గంట బిల్లులు కొడతారు.

ఇంటర్వ్యూ చేస్తున్న పెద్దాయన అంతా విని, "ఇంతకీ ఆ డబ్బు తిరిగి ఇచ్చారా?" అని అడిగారు. ఇచ్చారండి, ఫిబ్రవరి జీతంలో, 11 మందికి. పన్నెండో అమ్మాయి అవతలి రేవు నుంచి వచ్చేది. తనని దొంగ కింద కట్టారని ఏడ్చి, అప్పటికే మానేసింది.