సవరణ: అంగీకార లేఖ ఇండోనేషియన్ అనువాదం

"లేఖలో 'కామి మెనెరిమా ఉసులన్ అండా' అని పెట్టారు. అంటే ప్రతిపాదన అందిందనా, ఒప్పుకున్నట్టా?"

ఆ వాక్యం రెండు రకాలుగానూ అర్థమవుతుంది కాబట్టి తీసేయండి. దాని స్థానంలో ఇది: "దెంగన్ ఇని కామి మెన్యతాకన్ పెర్సెతుజుఅన్ అతస్ ఉసులన్ పెనెలితిఅన్ బెర్సామ యంగ్ బాపక్ అజుకన్." అంటే, మీరు సమర్పించిన ఉమ్మడి పరిశోధన ప్రతిపాదనకు ఇందుమూలంగా మా అంగీకారం తెలుపుతున్నాం అని.

'మీ' అనే అర్థంలో వాడిన 'అండా' వ్యాకరణరీత్యా తప్పు కాదు, కానీ పెద్ద ప్రొఫెసర్‌కు రాసే ఉత్తరంలో పొడిగా ఉంటుంది. మన 'గారు', 'మీరు' తెచ్చే మర్యాద అక్కడ 'బాపక్'తో వస్తుంది, మహిళ అయితే 'ఇబు'. లేఖ మధ్యలో వచ్చినా దాని మొదటి అక్షరం పెద్దదే. చిరునామా వరుసలో మాత్రం 'ప్రొఫెసర్' బిరుదు ముందు 'బాపక్' చేర్చకండి.

'మేం'కు 'కామి'నే ఉంచండి. 'కితా' అంటే 'మనం', అంగీకారం తెలిపేది మన పక్షమే కదా.