బండీపూర్ మంటలు: ఆ మెసేజ్‌లో రెండో పాయింటే ప్రమాదం

"బండీపూర్ ఎందుకు కాలింది? 1) ఎండకి వెదుర్లు రాసుకుని నిప్పు పుట్టింది. 2) అడవిలో ఉండే జనమే కాలుస్తారు, వాళ్లను బయటికి పంపేస్తే మంటలే ఉండవు. 3) ఒక్క నిప్పురవ్వ కూడా పడకపోతేనే అడవి బతుకుతుంది. 4) హెలికాప్టర్లు పెడితే గంటలో ఆరిపోతుంది. అందరికీ పంపండి."

ఎండలు ముదిరితే చాలు, మన బెంగళూరు తెలుగు గ్రూపుల్లో ఇది మళ్లీ తిరగడం మొదలవుతుంది. చదువుకున్నవాళ్లు, ప్రతి సెలవుకీ మైసూరు రోడ్డెక్కి అవే అడవులకు వెళ్లొచ్చేవాళ్లు పంపుతున్నారు. అందుకే కోపం వస్తోంది.

వెదురు సంగతి వదిలేయండి. 2019 ఫిబ్రవరిలో బండీపూర్‌లో 10,000 ఎకరాలకు పైగా కాలింది. అది మనుషులు పెట్టిన నిప్పే. హెలికాప్టర్లూ వచ్చాయి. వైమానిక దళం బకెట్లతో నీళ్లు పోసింది, కానీ అప్పటికే మంటలు మొదలై నాలుగైదు రోజులైంది. అన్నాళ్లూ పచ్చి కొమ్మలతో మంటని బాదుతూ నిలబడింది కింద ఉన్న మనుషులు.

ఇక రెండో పాయింటు. చామరాజనగర్ జిల్లాలోనే, బండీపూర్‌కి తూర్పున బిళిగిరి రంగన కొండలున్నాయి. అక్కడి అడవిలో ఉండే సోలిగ గిరిజనులు తరతరాలుగా 'తరగు బెంకి' పెట్టేవాళ్లు. అంటే రాలిన ఆకుకి పెట్టే నిప్పు. ఎండాకాలం ముదరకముందే, గడ్డిలో ఇంకా కాస్త తడి ఉన్నప్పుడు, కొంచెం కొంచెం చోట్ల అంటించేవాళ్లు. మంట మోకాలి ఎత్తు దాటకుండా నేల మీదే పాకి ఆరిపోయేది. నల్లమద్ది చెట్టు బెరడు చూడండి, మొసలి వీపులా మందంగా, గళ్లుగళ్లుగా ఉంటుంది. అలాంటి మంట దాన్ని ఏమీ చేయదు. కింద ఎండుటాకు పోతుంది, కొత్త గడ్డి వస్తుంది. ఉసిరి చెట్లను పీల్చే బదనికని కూడా ఈ నిప్పే అదుపులో పెట్టేదని సోలిగలు చెబుతారు.

1970ల్లో ఆ కొండలు అభయారణ్యమయ్యాయి. చాలామంది సోలిగలను పోడులనే వాళ్ల ఊళ్ల నుంచి ఖాళీ చేయించారు, తరగు బెంకిని నిషేధించారు. మెసేజ్ కోరినదే జరిగింది కదా, మరి ఏమైంది? బయటి దేశం నుంచి వచ్చిన లంటానా అనే పొద అడవిని కమ్మేసింది. బెంగళూరులోనే ఉన్న ఏట్రీ అనే పర్యావరణ సంస్థ పరిశోధకులు 1997లో, మళ్లీ 2008లో ఆ అడవిని కొలిచి చూస్తే, లంటానా ఉన్న చోట్లు దాదాపు రెట్టింపయ్యాయి. నిప్పు ఆగడం ఒక్కటే కారణం కాకపోవచ్చు, కానీ సోలిగలు మొదటినుంచీ వేలెత్తి చూపింది దాన్నే.

లంటానా పొద మనిషి ఎత్తు దాటి, పక్క చెట్టు కొమ్మల మీదికి ఎక్కుతుంది. ఫిబ్రవరి, మార్చిల్లో అది ఎండి పుల్లలయ్యాక నిప్పు పడితే, నేల మీద పాకాల్సిన మంట దాన్ని నిచ్చెన చేసుకుని చెట్టు తల దాకా పోతుంది. 2019లో బండీపూర్‌లో మంటకి మేత పెట్టింది ఎక్కువగా లంటానాయే. ఇంత మేత పేరుకునేలా చేసి, ఇప్పుడు నింద అక్కడి జనం మీద వేస్తారా? అడవి గురించి ఎక్కువ తెలిసినవాళ్లను తరిమేయమని ఫోన్‌లో ఒక్క వేలితో తీర్పు ఇచ్చేస్తారా?

అయినా మూడో పాయింటులో నిజముంది, ఒప్పుకుంటాను. కొండల పైభాగంలో, సందుల్లో ఉండే షోలా అడవికి నిప్పు అస్సలు పనికిరాదు. అక్కడి చెట్ల బెరడు పలచన. ఇంకో మాట: లంటానా నిండిన ఎండు అడవిలో కూడా ఈరోజు తరగు బెంకి పెడితే అది పాత తరగు బెంకి కాదు. మంట పెద్దదై చెట్లను చంపుతుంది, ఆ పైన లంటానా మొదళ్లలోంచి మళ్లీ చిగురిస్తుంది. కాబట్టి పాత పద్ధతిని రేపే తిరిగి మొదలుపెట్టమనడం కూడా తప్పే.

ముందు లంటానాని తీయాలి. పైన నరికితే లాభం లేదు, మొదలు నుంచి గుత్తులుగా లేస్తుంది. నేలకి రెండు మూడు అంగుళాల లోపల తల్లివేరుని కోసి, పొదని పెళ్లగించి, వేళ్లు పైకి వచ్చేలా తలకిందులు చేసి వదిలేయాలి. అలా ఎండుతుంది. పక్షులు గింజలు తెచ్చి పడేస్తూనే ఉంటాయి కాబట్టి, ఆ తర్వాత కొన్నేళ్లు వానాకాలంలో మొలకలు పీకాలి, ఖాళీ అయిన చోట గడ్డి రావాలి. చలికాలం చివర్లో, మంట దాటకుండా అడవిలో ఖాళీగా ఉంచే ఫైర్ లైన్ల మీద పడిన ఆకునీ గడ్డినీ ఊడ్చి కాల్చాలి. అంత గడ్డి వచ్చాకే, ఏ మూలని ఏ వారంలో అంటించాలి అన్న ప్రశ్నకి అర్థం ఉంటుంది. ఆ జవాబు తెలిసినవాళ్లే సోలిగలు, వాళ్లనే మీ మెసేజ్ వెళ్లగొట్టమంటోంది. ఈ ఏడాది దాన్ని పంపేముందు కనీసం రెండో పాయింటు తీసేయండి.