నోటీసుకు జవాబు లెక్కతోనే

ఫైనాన్స్ సంస్థ తరఫున లాయరు నోటీసు వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ టెన్షనే. కొందరు ఆ కంగారులో చేబదులు తెచ్చి అడిగినదంతా కట్టేస్తారు. ఇంకొందరు కాగితాన్ని బీరువాలో పడేసి ఊరుకుంటారు. నోటీసులో చూపిన మొత్తం ఎలా తేలిందని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఆ ధీమాతోనే చాలా చిన్న సంస్థలు వాయిదా బాకీకి తోచిన చార్జీలన్నీ తగిలించి పంపుతున్నాయి.

ఒక మామూలు బండి అప్పునే లెక్కకు తీసుకుందాం. అప్పు 60,000 రూపాయలు. ఏడాదికి 14 శాతం ఫ్లాట్ వడ్డీ, అంటే బాకీ తగ్గుతున్నా మొదటి అప్పు మొత్తం మీదే వేసే వడ్డీ, 24 నెలలు. వడ్డీ 16,800 కలిపి నెలకు 3,200 వాయిదా. పదహారు వాయిదాలు సక్రమంగా కట్టాక నాలుగు తప్పాయి. ఐదోది రాకముందే 21,790 రూపాయలు వారంలో కట్టాలని నోటీసు వచ్చింది. తప్పిన నాలుగు వాయిదాలూ కలిపితే 12,800. మరి మిగతా 8,990 ఎక్కడివి?

అకౌంట్ స్టేట్‌మెంట్ తెప్పిస్తే బయటపడుతుంది. ఆలస్యానికి జరిమానాగా వేసే పీనల్ చార్జీలు 2,110, వాటిపై జీఎస్టీ 380, నాలుగు బౌన్స్ చార్జీలు 2,000, ఇంటికొచ్చి అడిగినందుకు ‘విజిట్ చార్జీలు’ 2,000, నోటీసు ఖర్చు 2,500. అప్పు ఇచ్చేటప్పుడు సంతకం పెట్టించుకున్న కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో, అంటే వడ్డీ, రుసుములు చూపే కాగితంలో, ఈ చార్జీల గురించి ఉన్నవి రెండే: బౌన్స్ అయితే 500, ఆలస్యమైన వాయిదాపై నెలకు 2 శాతం.

ఆ 2 శాతాన్ని దేనిమీద వేశారన్నది అసలు ప్రశ్న. తప్పిన వాయిదాలపైనే వేస్తే మొదటి నెల 64 రూపాయలు, రెండో నెల 128, తర్వాత 192, 256. మొత్తం 640. స్టేట్‌మెంట్‌లో మొదటి నెలే 512 కనిపిస్తోంది. అంటే మిగిలిన ఎనిమిది వాయిదాల మొత్తం 25,600 మీద వేశారు. ఇంకా గడువు రాని వాయిదాలకూ జరిమానా పడిందన్నమాట. రెండో నెల 522, మూడో నెల 533, నాలుగో నెల 543. అసలు మొత్తం మారకపోయినా అంకె ఇలా పెరుగుతోందంటే ముందు నెల జరిమానాను బాకీలో కలిపి దానిపైనా జరిమానా వేశారు.

ఇది కుదరదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న ఇచ్చిన సర్క్యులర్‌లో స్పష్టంగా ఉంది. జరిమానాను వడ్డీ రేటులో కలపకూడదు. విడిగా చార్జీగానే వేయాలి, దానిపై మళ్లీ వడ్డీ వేయకూడదు. అది జరిగిన తప్పుకు తగినంతే ఉండాలి. కొత్త అప్పులకు ఈ నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి, పాతవాటికి ఆలస్యమైనా ఆ ఏడాది జూన్ 30 నాటికి వర్తించాలి. జరిమానా వడ్డీని అసలులో కలపడం తగదని సుప్రీంకోర్టు 2001లోనే రవీంద్ర కేసులో చెప్పింది. పీనల్ చార్జీలపై జీఎస్టీ లేదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2025 జనవరిలో తేల్చేసింది. ఇక విజిట్, నోటీసు ఖర్చుల సంగతి. 2024 అక్టోబరు 1 తర్వాత తీసుకున్న వ్యక్తిగత, చిన్న వ్యాపార అప్పులకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాల్సిందే. అందులో లేని రుసుమును అప్పు తీసుకున్నవారి స్పష్టమైన అనుమతి లేకుండా వసూలు చేయకూడదు.

ఈ లెక్కన కట్టాల్సింది 12,800, 640, 2,000 కలిపి 15,440. వివాదంలో ఉన్నది 6,350. జవాబు లేఖలో ముందుగా రావాల్సినవి ఈ రెండు అంకెలే. ఇంట్లో ఆస్పత్రి ఖర్చులు, జీతం ఆలస్యం వంటివి నిజమే కావచ్చు, వాటిని గడువు అడిగే చోట ఒక వాక్యంలో చెబితే చాలు. లేఖ ఇలా ఉండొచ్చు: “మీ నోటీసులోని 21,790లో 15,440 వరకే ఒప్పుకుంటున్నాను. మిగతా 6,350 ఏ షరతు ప్రకారం, ఏ తేదీన, దేనిమీద వేశారో చూపే స్టేట్‌మెంట్, నా సంతకం ఉన్న ఒప్పందం ప్రతి పంపండి. నా హక్కులు వదులుకోకుండా ఈ జవాబు ఇస్తున్నాను.”

ఒప్పుకున్న మొత్తాన్ని కట్టగలిగితే వెంటనే కట్టేయాలి. అది ఏయే నెలల వాయిదాలకో రాసి, రసీదులోనూ అలాగే రాయించుకోవాలి. లేకపోతే కట్టిన డబ్బు ముందు జరిమానాల ఖాతాకు పోయి, వాయిదాలు బాకీగానే మిగిలిపోతాయి. ఒప్పందంలో జమ చేసే వరుస రాసి ఉంటే సంస్థ దాన్నే చూపొచ్చు. అయినా మీరు రాసిన కాగితం తర్వాత సాక్ష్యంగా పనికొస్తుంది.

వడ్డీ విషయంలో మాత్రం పాఠకులకు నచ్చని మాట చెప్పక తప్పదు. 14 శాతం ఫ్లాట్ అంటే తగ్గే బాకీ మీద లెక్కేస్తే దాదాపు 25 శాతం. మోసపోయామనిపించడం సహజం. కానీ ఫైనాన్స్ సంస్థలకు రిజర్వు బ్యాంకు వడ్డీ గరిష్ఠ పరిమితి పెట్టలేదు. అసలు వార్షిక రేటు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో చూపించి సంతకం తీసుకుని ఉంటే ‘వడ్డీ ఎక్కువ’ అన్న వాదన నిలవడం కష్టం. ఆలస్యమైన రోజులకు ఒప్పందం ప్రకారం మామూలు వడ్డీ అడిగే హక్కూ సంస్థకు ఉంటుంది. ఈ నోటీసులో అది అడగలేదు, అంతే. వడ్డీలో పట్టుకోవాల్సిన తప్పు వేరే చోట ఉంటుంది. డబ్బు చేతికి వచ్చిన రోజు నుంచి కాకుండా మంజూరైన రోజు నుంచే వడ్డీ వేశారేమో చూడాలి. అలా వేయడం తప్పని 2024 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు చెప్పింది. వేసినది తిరిగి ఇవ్వాలనీ చెప్పింది.

లేఖ రాసేవారికి రెండు జాగ్రత్తలు. కట్టడం ఆపేసి మూడేళ్లు కావస్తున్న పాత బాకీ అయితే సంతకం పెట్టే ముందు న్యాయవాదిని అడగాలి. గడువు తీరకముందు బాకీ ఉందని రాసి సంతకం చేస్తే బాకీ కోసం సంస్థ కోర్టుకెళ్లేందుకు ఉన్న మూడేళ్ల లెక్క 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం మళ్లీ మొదలవుతుంది. అలాగే, నోటీసు చెక్ బౌన్స్‌కు సంబంధించినదేమో చూసుకోవాలి. అలాంటిదైతే నోటీసు అందిన 15 రోజుల్లో చెల్లించాలి. చార్జీలపై వాదించినంత మాత్రాన ఆ గడువు ఆగదు. డబ్బు లేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత సలహాకు ప్రయత్నించవచ్చు.

చాలామంది పొరపడేది ఇంకోటుంది. లాయరుకు జవాబు పంపితే సంస్థకు ఫిర్యాదు చేసినట్టు కాదు. అదే లేఖను సంస్థ ఫిర్యాదుల అధికారికి కూడా ‘ఫిర్యాదు’ అని పైన రాసి పంపాలి, అందిన రుజువు దాచుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తిగా లేకపోయినా ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఖర్చు లేకుండా రాయవచ్చు. మరీ చిన్న సంస్థలన్నీ అంబుడ్స్‌మన్ పరిధిలోకి రావు. రిజిస్ట్రేషనే లేని వడ్డీ వ్యాపారి అసలే రాడు, అక్కడ పోలీసులు, కోర్టులే దిక్కు.

నిబంధనలు ఉన్నా ఈ లెక్క వేసుకునే భారం అప్పు తీసుకున్నవారి మీదే ఎందుకు పడాలి? వసూలు నోటీసుతోపాటే తేదీలవారీ లెక్క, ఏ చార్జీకి ఏ షరతు ఆధారమో జతచేయాలని రిజర్వు బ్యాంకు ఆదేశించాలి. అది లేని నోటీసుకు ఖర్చు వసూలు చేసే వీల్లేకుండా చేయాలి. కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలన్న నియమం ఉన్నప్పుడు, తెలుగు ఇంటికి ఇంగ్లిషు నోటీసు పంపే పద్ధతినీ అదే ఆదేశంలో ఆపాలి.