లెటర్లో ఒకటి, ఎస్‌ఓపీలో ఒకటి

తమ్ముడు అడిగింది: “ఎం.ఎస్.కి డిసెంబర్ 15 లోపు అప్లై చేయాలి. ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పే ఎస్‌ఓపీ, సీవీ రాశాను, ఇంకా సబ్మిట్ చేయలేదు. మేనేజర్ రికమెండేషన్ లెటర్ నిన్ననే పోర్టల్‌లో పెట్టేశారు. ప్రాజెక్ట్ గైడ్ సార్‌ది ఇంకా రావాలి. అన్నిట్లో తేదీలు, హోదాలు ఒకేలా ఉండాలా? టెన్షన్‌గా ఉంది.”

అక్క అమెరికాలో ఒక డిపార్ట్‌మెంట్ ఆఫీసులో రెండేళ్లు అప్లికేషన్లు చూసింది. మావయ్య ఇంజనీరింగ్ కాలేజీలో పాతికేళ్లు పాఠాలు చెప్పి, ఎన్నో లెటర్ల మీద సంతకాలు పెట్టాడు.

మావయ్య: ఒకేలా ఎందుకుండాలి? నలుగురు నాలుగు రకాలుగా రాస్తేనే నిజంగా రాసినట్టుంటుంది. నా దగ్గరికి వచ్చిన పిల్లలు మూడు లెటర్లూ ఒకే అచ్చులో పోసినట్టు తెచ్చేవారు. చూడగానే తెలిసిపోయేది.

అక్క: అది ఒప్పుకుంటాను. మాటలు ఒకేలా ఉండకూడదు. తేదీలు మాత్రం ఉండాలి. ఒరే, సీవీలో ఏం రాశావు?

తమ్ముడు: “సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, జనవరి 2022 నుంచి” అని. మొదటి ఆరు నెలలు ఇంటర్న్‌నే అనుకో. ఎస్‌ఓపీలో “దాదాపు మూడేళ్ల అనుభవం” అని రాశా. మేనేజర్ గారు జులై 2022 అనే వేశానన్నారు.

మావయ్య: ఆరు నెలల తేడా ఎవడు లెక్కపెడతాడమ్మా?

అక్క: లెక్కపెట్టక్కర్లేదు మావయ్యా, పక్కపక్కనే కనిపిస్తుంది. పైగా అప్లికేషన్ ఫారంలో నెలలతో సహా ఇంకోసారి నింపాలి. అందరూ మర్చిపోయేది ఆ నాలుగో చోటే. డిసెంబర్ 2024కి ఉద్యోగం రెండేళ్ల అయిదు నెలలే అవుతుంది. ఇంటర్న్‌షిప్‌ని వేరే వరుసలో, జనవరి నుంచి జూన్ 2022 అని రాస్తే ఏ తగాదా లేదు.

తమ్ముడు: మరి లెటర్ ఒకసారి చూసుకుంటే?

అక్క: చూసే హక్కు వదులుకున్నానని ఫారంలో టిక్ పెట్టావు కదా. అలా వదులుకుంటే లెటర్‌కి ఎక్కువ విలువనిస్తారు. కాబట్టి దాన్ని దిద్దలేవు, దానికి తగ్గట్టు నీవి దిద్దుకో. ముందు ఆఫర్ లెటర్, మార్కుల మెమో ఎదురుగా పెట్టుకో. వాటిని చూసి సీవీ, సీవీని చూసి ఫారం, ఎస్‌ఓపీ. రావాల్సిన లెటర్‌కి ఆ తేదీలే ఒక పేజీలో గైడ్ సార్‌కి పంపు.

మావయ్య: తేదీలు సరే. హోదా సంగతి? వీడు ప్రాజెక్ట్‌లో టీమ్ లీడ్ అని రాసుకున్నాడు. రాసుకోనీ. తనకు తాను తగ్గించుకున్నవాడిని ఎవరు తీసుకుంటారు?

అక్క: నలుగురి టీమ్‌లో లీడ్ అని ఎవరినైనా పెట్టారా?

తమ్ముడు: లేదు. మిర్చి ఆకుల ఫొటోలతో తెగులు గుర్తుపట్టే ప్రాజెక్ట్ అది. ఫొటోలు, లేబుల్స్ నావి. మోడల్ కిరణ్ చేశాడు. ఎస్‌ఓపీలో “నేను మోడల్ తయారుచేశా” అని పడింది.

అక్క: సార్ “ఇతను డేటా సేకరణ చూశాడు” అని రాస్తే?

మావయ్య: అలాంటివి నేను చాలా రాశాను. నాకు గుర్తున్నది రాశా.

అక్క: అదే! ఇప్పుడు చదివేవాళ్లు ఎవరిని నమ్ముతారు, మిమ్మల్నా, వీణ్నా?

మావయ్య: (కాసేపాగి) నన్నే. కానీ డేటా సేకరణ అంటే ఏదో గుమాస్తా పనిలా ఉంటుంది కదే.

అక్క: ఆ ఫొటోల్లో కష్టమేంట్రా?

తమ్ముడు: ముడత. తామర పురుగు పడితే ఆకు పైకి ముడుచుకుంటుంది, నల్లి పడితే కిందికి. పైనుంచి తీస్తే రెండూ ఒకేలా కనిపించేవి. పక్కనుంచి మళ్లీ తీశా. గుంటూరు దగ్గర మా తాత పొలంలో రైతులను కూర్చోబెట్టుకుని లేబుల్స్ సరిచేశా.

అక్క: ఇది రాయి. “లీడ్” తీసెయ్. మోడల్ దగ్గర “మేము” అని రాసి, కిరణ్ చేసిన పనిని అతని పనిగానే చెప్పు. సార్ ఏం రాసినా దీనికి అడ్డు రాదు, సీవీలో ఒక వాక్యం సరిపోతుంది. ముందు ఆయనకి ఫోన్ చేసి “సార్, నా పనిలో మీకేం గుర్తుంది?” అని అడుగు.

మావయ్య: ఆయన “నువ్వే రాసుకురా, సంతకం పెడతా” అంటాడు, చూడు. నేనూ అన్నాను. నూరు మంది పిల్లలుంటే ఏం చేస్తాం?

అక్క: అప్పుడు లెటర్ నిండా వీడి ఎస్‌ఓపీ మాటలే వస్తాయి. తేడా ఉండదు కానీ, మీరు చెప్పిన ఒకే అచ్చు వ్యవహారం అవుతుంది. రాసివ్వకుండా ఆ పేజీ ఒక్కటే ఇమ్మంటాను.

మావయ్య: ఇస్తే తీసుకునేవాళ్లు ఎంతమంది ఉంటారమ్మా!

తమ్ముడు: సార్ ఫోన్ ఎత్తట్లేదు.