వ్యూస్ చూసి హుక్‌ని గెలిపిస్తే ఎలా?

ఒకే రీల్‌ను రెండు రకాల ఓపెనింగ్‌తో పెట్టడం, ఏదానికి ఎక్కువ వ్యూస్ వస్తే అదే మంచి హుక్, అంటే చూసేవాళ్లను పట్టి ఆపే మొదలు, అని తేల్చేయడం ఇప్పుడు చాలామంది క్రియేటర్లకు అలవాటైంది. ప్రయత్నం మంచిదే, కొలతే తప్పు. యూట్యూబ్ షార్ట్స్‌లో 2025 మార్చి 31 నుంచి వీడియో ప్లే అవడం మొదలైతే చాలు, అది ఒక వ్యూ. మళ్లీ మొదటి నుంచి తిరిగితే ఇంకో వ్యూ. ఎంతసేపు చూశారన్న షరతేమీ లేదు. అంటే అర సెకనులో పైకి తోసేసినవాళ్లూ ఆ లెక్కలో ఉంటారు. హుక్ పనే ఆ తోసేసే వేలిని ఆపడం కదా, ఆపలేకపోయినా పెరిగే అంకెతో దాన్ని ఎలా కొలుస్తాం?

చూడాల్సిన అంకెలు రెండు. కనిపించిన ప్రతి వంద మందిలో ఎంతమంది తోసేయకుండా ఆగారన్నది ఒకటి. అలా ఆగినవాళ్లలో ఎంతమంది వీడియో చివరిదాకా వచ్చారన్నది రెండోది. రెండూ అనలిటిక్స్‌లోనే దొరుకుతాయి. మొదటిది ఒక శాతంగా ఉంటుంది. రెండోదాన్ని ఏ సెకనుకి ఎంతమంది మిగిలారో చూపే రిటెన్షన్ గ్రాఫ్‌లో చూసుకోవాలి. చాలామంది మొదటిదాని దగ్గరే ఆగిపోతారు. అసలు కథ రెండోదానిలో ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు నేను అనుకున్నవే, లెక్క ఎలా నడుస్తుందో చూపడానికి. వీడియో నలభై అయిదు సెకన్లు, విషయం ఆవకాయకు బూజు ఎందుకు పడుతుంది. ముక్కల్ని పొడి గుడ్డతో తుడవాలి, ఉప్పు తగ్గించకూడదు, మూడో రోజు తిరగకలిపాక నూనె ముక్కల పైకి తేలి ఉండాలి. చెప్పాల్సింది ఇంతే. మొదటి వెర్షన్: ‘అందరికీ నమస్కారం, ఈరోజు మనం...’ రెండోది: బూజు పట్టిన జాడీ దగ్గర నుంచి చూపిస్తూ ‘ఈ జాడీ పారేయాల్సిందేనా?’ మూడోది: మామిడి ముక్క మీద నీటి చుక్క, ‘ఈ తడి చాలు, జాడీ మొత్తం పాడవడానికి.’ మూడు సెకన్ల తర్వాత మూడింటిలోనూ ఒకే వీడియో.

ఒక్కోటి వెయ్యి మందికి కనిపించిందనుకుందాం. నమస్కారానికి వందలో 48 మంది ఆగారు. బూజు జాడీకి 70 మంది, నీటి చుక్కకు 61 మంది. ఇక్కడే ఆపితే జాడీ గెలిచినట్టే. కానీ జాడీ వెర్షన్ గ్రాఫ్ ఏడో సెకను దగ్గర నిటారుగా కిందికి పడింది, ఆ 70 మందిలో చివరిదాకా వచ్చింది 20 మందే. నీటి చుక్క వెర్షన్ నెమ్మదిగా తగ్గుతూ ఆ 61 మందిలో 34 మందిని చివరికి తెచ్చింది.

జాడీ హుక్ బలహీనమైందని కాదు. అది వేరే వీడియోకి హుక్. పారేయాలా వద్దా అని అడిగితే ఆగిన మనిషికి ఆ జవాబు కావాలి. ఇంట్లో అప్పటికే బూజు పట్టిన జాడీ పెట్టుకుని చూస్తున్నాడేమో. మనమేమో ముక్కలు తుడవడం గురించి మొదలుపెట్టాం. ఏడో సెకనుకి అతనికి విషయం అర్థమైపోయింది, వెళ్లిపోయాడు. అందుకే హుక్ టెస్ట్ ఫలితాన్ని ఒక్క మొదటి మూడు సెకన్లతో చదవకూడదని నా వాదన. ఆ జాడీ ప్రశ్నను దాచుకుని దానికి జవాబు చెప్పే వీడియో విడిగా తీయొచ్చు. ఒక టెస్ట్ నుంచి ఇంకో ఐడియా పుట్టడం కంటే లాభం ఏముంది!

యూట్యూబ్ కూడా ఇదే దారిలో ఆలోచిస్తుంది. పెద్ద వీడియోలకు మూడు థంబ్‌నెయిల్స్ దాకా పెట్టి పోల్చే సౌకర్యంలో, గెలుపును క్లిక్కులతో కాకుండా ఏ థంబ్‌నెయిల్ ఎక్కువ వాచ్‌టైమ్ తెచ్చిందన్న దానితో తేలుస్తుంది. స్పష్టమైన తేడా లేకపోతే గెలుపు ఎవరికీ ఇవ్వదు. అయితే ఆ సౌకర్యం వీడియో మొదటి సెకన్లను మార్చి చూడదు. ఆ పని మనమే చేసుకోవాలి, ఇబ్బందీ అక్కడే.

ఒకే వీడియోను సోమవారం ఒక హుక్‌తో, గురువారం ఇంకో హుక్‌తో పెడితే రెండు వెర్షన్లూ ఒకే రకం మనుషులకు వెళ్లాయన్న గ్యారంటీ లేదు. రెండోసారి చూసినవాళ్లలో కొందరు మొదటిది చూసేసి ఉంటారు. సమయం మారింది, రోజు మారింది, ఆ రోజు క్రికెట్ మ్యాచ్ ఉందేమో కూడా. ఇన్‌స్టాగ్రామ్ 2024 డిసెంబర్‌లో తెచ్చిన ట్రయల్ రీల్స్ ఇందులో కొంత ఇబ్బంది తీరుస్తాయి. అవి మన ఫాలోవర్లకు కాకుండా ముందు కొత్తవాళ్లకు వెళ్తాయి, దాదాపు ఒక రోజులో మొదటి అంకెలు వస్తాయి. ఇక్కడో చిన్న మెలిక ఉంది. మన గొంతు తెలిసిన ఫాలోవర్ ‘నమస్కారం’ దగ్గర కూడా ఆగుతాడు, కొత్తవాడు ఆగడు. కాబట్టి ట్రయల్‌లో ఓడిన హుక్ ఫాలోవర్ల దగ్గర కూడా ఓడుతుందని చెప్పలేం.

శాంపిల్ సంగతి మాత్రం తప్పించుకోలేం. ఒక్కో వెర్షన్ 400 మందికే కనిపించి, అందులో అరవై శాతం దరిదాపుల్లో ఆగారనుకోండి. రెండు వెర్షన్ల మధ్య ఆరేడు పాయింట్ల తేడా ఉత్త అదృష్టం వల్ల కూడా రావచ్చు. ఒక్కోటి 4,000 మందికి చేరితే ఆ అనుమానం రెండు పాయింట్లకు దిగుతుంది. చిన్న ఛానెల్ వాళ్లు దీన్ని చూసి నిరాశపడతారు గానీ, దీని నుంచి తెలిసేది ఇంకోటి: తక్కువ మందితో పెద్ద తేడాలే పట్టుబడతాయి. అందుకని ‘ఈ తప్పు చేయకండి’, ‘ఈ పొరపాటు వద్దు’ లాంటి కవల వాక్యాల్ని పోల్చి లాభం లేదు. ఒకటి ప్రశ్న, ఇంకోటి ఫలితం ముందే చూపించే షాట్, మూడోది మాటే లేని క్లోజప్, ఇలా దూరం దూరంగా ఉన్నవాటిని పెట్టాలి. ఏది గెలిచిందో తెలిశాక, దాన్లో మాటా బొమ్మా ఏది పనిచేసిందో తర్వాతి టెస్ట్‌లో విడదీసుకోవచ్చు.

రాసుకోవడానికి ఒక షీట్ చాలు. హుక్ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయాలి, ‘ప్రశ్న హుక్’ అని పేరు పెట్టి వదిలేస్తే మూడు నెలల తర్వాత ఏ ప్రశ్నో గుర్తుండదు. పక్కన మొదటి ఫ్రేమ్ స్క్రీన్‌షాట్, స్క్రీన్ మీద పెట్టిన అక్షరాలు, పోస్ట్ చేసిన రోజు, సమయం. తర్వాత ఎంతమందికి కనిపించింది, ఎంతమంది ఆగారు, చివరికి ఎంతమంది వచ్చారు, గ్రాఫ్ ఏ సెకను దగ్గర పడింది. అన్ని వెర్షన్లనూ ఒకే వయసులో చదవాలి, 48 గంటలనుకుంటే అన్నిటికీ 48 గంటలే. ఒకటి మూడు గంటల్లో ముందుందని టెస్ట్ ఆపేస్తే ఆ వరుసంతా చెత్త. ఇంకో గడి నాకు అన్నిటికంటే ముఖ్యం: పోస్ట్ చేసే ముందే ఏది గెలుస్తుందనుకుంటున్నామో రాసి పెట్టుకోవడం. లేదంటే ఏది గెలిచినా ‘నాకు ముందే తెలుసు’ అనిపిస్తుంది, కొత్తగా నేర్చుకున్నదేమీ ఉండదు.

ఒక్క వీడియోలో నీటి చుక్క గెలిచిందంటే ఆవకాయ వీడియోకి, మామిడి సీజన్‌లో, ఆ మూడింటిలో అది మెరుగని మాత్రమే. ‘పాడయ్యే కారణాన్ని క్లోజప్‌లో చూపించడం’ అన్న పద్ధతే పనిచేస్తోందా అన్నది వేరే పచ్చళ్ల మీద తేలాలి. షీట్‌లో ఆ వరుస చివర రాయాల్సింది ‘గెలిచింది’ అని కాదు, ‘చలికాలంలో ఉసిరికాయ పచ్చడితో మళ్లీ చూడాలి’ అని.